వారానికి ఇరవై ట్రేలు: సైనిక్‌పురిలో నా నారు షెడ్డు లెక్కలు

సైనిక్‌పురిలో ఒక పాత ఇంటి పక్కన ఖాళీ జాగాలో నేను కూరగాయల నారు పెంచి అమ్ముతాను. టమాట, వంగ, మిర్చి ఎక్కువ. చలికాలంలో క్యాబేజీ, కాలీఫ్లవర్ కూడా. కొనేవాళ్లలో రైతులు లేరు, అందరూ మిద్దె తోటలవాళ్లే. శుక్ర, శని, ఆదివారాలు పొద్దున 7 నుంచి 11 దాకా గేటు తీసి ఉంటుంది. మిగతా రోజులు తాళమే.

దీనికి ముందు 16 ఏళ్లు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. చివరి ఐదేళ్లు డెలివరీ మేనేజర్‌ని. రాత్రి పదిన్నరకు అమెరికా వాళ్లతో కాల్, పొద్దున తొమ్మిదికి ఇక్కడి టీమ్‌తో కాల్, మధ్యలో నిద్ర పట్టీ పట్టకా. చేతికొచ్చే జీతం నెలకు 1,45,000. ఇప్పుడు ఖర్చులన్నీ పోను నారు మీద నెలకు సగటున 19 వేలు మిగులుతోంది. ఈ రెండు అంకెలు ముందే చెప్పేస్తున్నాను. రెండోది చూసి మనసు మారినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, టైమ్ కలిసొస్తుంది.

పాత ఆఫీసువాళ్లు నెలకు ఒకరైనా ఫోన్ చేస్తారు. "ఏదైనా చిన్నది పెట్టుకుని ప్రశాంతంగా బతకాలని ఉంది, నీ సంగతేంటో చెప్పు" అంటారు. ఫోన్‌లో చెబితే సగం మాటలు మొక్కల పచ్చదనం మీదకే పోతాయి. అందుకే మొత్తం లెక్కతో సహా ఒకసారి రాసి పెడుతున్నాను.

నారు దాకా ఎలా వచ్చాను

ముందు నేను చూసినవి వేరే. దోసెల పిండి చూశాను. రాత్రి రుబ్బాలి, తెల్లారేసరికి షాపులకు చేర్చాలి, ఎండాకాలంలో ఒక గంట ఆలస్యమైతే పిండి పులిసి ప్యాకెట్ ఉబ్బుతుంది. టీ కొట్టు ఫ్రాంచైజీ ఒకటి చూశాను. మెయిన్ రోడ్డు మీద అద్దె, పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా మనిషి ఉండాలి. గానుగ నూనె దాదాపు ఖాయం చేసుకున్నాను. కానీ పల్లీల ధర క్వింటాకు ఎంత ఊగుతుందో రెండు నెలలు రాసుకుని చూసేసరికి, రాత్రిళ్లు మళ్లీ ఫోన్‌లో రేట్లు చూసుకుంటూ కూర్చుంటానని అర్థమైంది.

అప్పుడు నాకు కావాల్సింది తక్కువ పని ఉన్న వ్యాపారం కాదని తెలిసింది. పని ఏ రోజు ఎంత ఉంటుందో ముందే తెలియాలి, అంతే. ప్రతి ఆలోచననూ ఒకే ప్రశ్నతో వడపోశాను: రాత్రి తొమ్మిదికి ఎవరైనా ఫోన్ చేసి "ఇప్పుడే కావాలి" అనగలరా? పిండికి అనగలరు. టీకి అనే పనే లేదు, వచ్చి నిలబడతారు. టమాట నారుకు మాత్రం అనలేరు. విత్తనం వేసిన 25వ రోజుకు గానీ అది చేతికి రాదు. ఎంత పెద్ద కస్టమరైనా 18వ రోజు మొక్కను 25వ రోజు మొక్కగా చేయలేడు.

ఇంకో కారణం కూడా ఉంది. హైదరాబాద్‌లో మిద్దె తోటలు పెంచేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లందరిదీ ఒకటే ఇబ్బంది. విత్తనాల ప్యాకెట్ కొంటే ఒక్కో రకంలో వందల విత్తనాలుంటాయి, వాళ్లకు కావాల్సింది ఆరు టమాట మొక్కలు, నాలుగు వంగ మొక్కలు. ఊరి చివర పెద్ద నారు నర్సరీలు రైతులకు వేల లెక్కన ఇస్తాయి గానీ పదీ పాతిక మొక్కలకు బేరం పెట్టుకోవు. ఆ మధ్యలో ఉన్న సందు నాది.

ఉద్యోగంలో ఉండగానే కాప్రాలో మా అపార్ట్‌మెంట్ మిద్దె మీద ఎనిమిది నెలలు ఆరు ట్రేలతో చేసి చూశాను. అమ్మింది చాలా కొంచెం. కానీ విత్తనం ఏ నెలలో ఎన్ని రోజులకు మొలుస్తుందో, ఎన్ని చస్తాయో ఒక నోట్‌బుక్ నిండింది. ఇప్పటికీ సోమవారం పొద్దున ఆ నోట్‌బుక్కే తెరుస్తాను.

రాజీనామాకు ముందు ఇంట్లో సర్దుకున్నవి

దీని మీద ఎక్కువ రాయను, ఒక్కొక్కరి ఇల్లు ఒక్కోలా ఉంటుంది. మా ఆవిడ స్కూల్ టీచర్, జీతం 38 వేలు. ఇంటి లోన్ మిగిలిన భాగాన్ని సేవింగ్స్‌తో కట్టేశాం. మా నెల ఖర్చు అప్పట్లో 92 వేలు, దాన్ని 55 వేలకు దించడానికి ఏడాది పట్టింది. రెండో కారు అమ్మేశాం, రాత్రి పూట ఆర్డర్ పెట్టే తిండి మానేశాం. ఉద్యోగం మానేసిన తర్వాత దించుదాంలే అనుకుంటే దిగదు. జీతం వస్తుండగానే తక్కువలో బతికి చూడాలి.

చాలామంది మర్చిపోయే ముఖ్యమైన పని ఒకటుంది. కంపెనీ ఇచ్చే గ్రూప్ హెల్త్ ఇన్సూరెన్స్ మామూలుగా ఉద్యోగంతోనే పోతుంది. నాకు బీపీ ఉంది. సొంత పాలసీ తీసుకుంటే ముందు నుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, ఇప్పుడున్న రూల్ ప్రకారం అది గరిష్ఠంగా మూడేళ్లు. అందుకని మానేయడానికి 14 నెలల ముందే సొంత పాలసీ తీసుకున్నాను. కంపెనీ పాలసీ నీడలో ఆ వెయిటింగ్‌లో ఏడాదికి పైగా గడిచిపోయింది.

సోమవారం

షెడ్డు అని పెద్ద పేరు గానీ, అది 20 అడుగులకు 30 అడుగుల పైపుల ఫ్రేము. పైన ఆకుపచ్చ షేడ్‌నెట్, చుట్టూ సన్న రంధ్రాల తెల్ల నెట్. ట్రేలు, బల్లలు, నీళ్ల ట్యాంకు, పైపులు అన్నీ కలిపి 1,60,000 అయింది. జాగా అద్దె నెలకు 8 వేలు, బోరు నీళ్లు ఇంటి ఓనరువే. ఓనరు ఆంటీకి ఎనభై దగ్గర పడుతోంది. అద్దె తగ్గించడానికి కారణం కూడా ఆవిడే చెప్పింది: "ఆ జాగా ఊడ్పించే పని తప్పుతుంది నాకు."

సోమవారం విత్తే రోజు. 98 గుంటల ట్రేలు ఇరవై. ముందురోజే కోకోపీట్ ఇటుకలు నానబెట్టి పెడతాను. ఐదు కిలోల ఇటుక ఒకటి నీళ్లలో వేస్తే దాదాపు 70 లీటర్ల పొట్టు అవుతుంది, ఇరవై ట్రేలకు అది సరిపోతుంది.

ఈ కోకోపీట్ దగ్గరే నా మొదటి దెబ్బ తగిలింది. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది. కడగని ఇటుక చవకగా వస్తుంది, నేను అదే తెచ్చి నానబెట్టి నేరుగా వాడేశాను. మొలకలు బాగానే వచ్చాయి. రెండో వారంలో ఆకుల అంచులు కాలినట్టు గోధుమ రంగుకు తిరిగాయి. ఎండ అనుకుని నీళ్లు పెంచాను. తర్వాత ఆర్వో నీళ్లు చూసే చిన్న టీడీఎస్ మీటర్ ఒకటి ఇంట్లో ఉంటే, ట్రే కింద కారే నీళ్లలో ముంచాను. బోరు నీళ్లకు చూపించేదానికి దాదాపు నాలుగింతలు చూపించింది. అప్పటినుంచి పొట్టును నీళ్లు పోసి వడకడుతూ, కారే నీళ్ల రీడింగ్ బోరు నీళ్ల రీడింగ్‌కు దగ్గరగా వచ్చేదాకా కడుగుతాను. మామూలుగా మూడు కడుగులు చాలు.

కడిగిన పొట్టు మూడు వంతులు, జల్లెడ పట్టిన వర్మీకంపోస్ట్ ఒక వంతు. తడి ఎంత ఉండాలో చేయే చెబుతుంది. గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో నీళ్లు మెరవాలి, కింద చుక్క పడకూడదు. ట్రే నింపి, ఒక్కో గుంటలో వేలి కొనతో అర సెంటీమీటరు నొక్కి, ఒక్కో విత్తనం వేసి, పైన పొడి పొట్టు చల్లుతాను. ఇరవై ట్రేలకు ఇద్దరికి మూడున్నర గంటలు పడుతుంది. రెండో మనిషి మా దగ్గరకు వారానికి మూడు పూటలు వచ్చే పెద్దమ్మ. ఊళ్లో పొలం చేసిన మనిషి. నేను మీటర్లతో చూసేది ఆవిడ కంటితోనే చూస్తుంది. మొదట్లో నేను పైపు పట్టుకుని ట్రేలు తడుపుతుంటే వెనక నుంచి అంది: "గన్ని నీళ్లెందుకు సారూ, మొక్కలకు ఈత నేర్పిస్తున్నవా?"

విత్తిన ట్రేలను ఒకదాని మీద ఒకటి పేర్చి పైన పాలిథిన్ కవర్ కప్పుతాం. వేడి, తేమ లోపలే ఉండి మొలక తొందరగా వస్తుంది. టమాట మూడు నాలుగు రోజులకు మొలుస్తుంది. వంగ, మిర్చికి వారం, చలికాలంలో ఇంకా ఎక్కువ. మొలక తెల్లగా తల ఎత్తడం కనబడగానే ట్రేలు విడదీసి బల్లల మీద పరచాలి. ఈ ఒక్కచోట మాత్రం ఒక రోజు ఆలస్యం కూడా పనికిరాదు. మొదటి ఏడాది విజయవాడలో పెళ్లికి వెళ్లి గురువారం రావాల్సింది శుక్రవారం సాయంత్రం వచ్చాను. కవర్ ఎత్తితే టమాట మొలకలన్నీ వెలుతురు కోసం సాగి, దారాల్లా తెల్లగా రెండంగుళాలు పెరిగి పడుకుని ఉన్నాయి. అలా సాగిన నారు మళ్లీ గట్టిపడదు. ఎనిమిది ట్రేలు ఎరువు గుంటలో పోశాను. అందుకే ఇప్పుడు పెళ్లి పిలుపు వస్తే ముందు చూసేది ఆ వారం ఏం విత్తానన్నదే. మిర్చి, వంగ ఉంటే వెళ్లి వస్తాను. టమాట ఉంటే మా ఆవిడ వెళ్తుంది.

నారు కుళ్లు

నారు పెంచేవాడికి నిజంగా భయం పెట్టేది ఇదొక్కటే. సాయంత్రం బాగున్న మొలకలు పొద్దునకు మొదట్లో విరిచినట్టు పడిపోతాయి. దగ్గరగా చూస్తే మట్టి పైన కాండం నీళ్లలో నానిన దారంలా సన్నబడి ఉంటుంది, ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి. ఆకు వాడిపోకుండా మొక్క పడిపోయిందంటే అది నారు కుళ్లు తెగులు. నీళ్లు తక్కువైతే ముందు ఆకు వాలుతుంది, కాండం నిలబడే ఉంటుంది. కొత్తవాళ్లు ఈ తేడా చూడక ఇంకో చెంబు నీళ్లు పోస్తారు, తెగులుకు కావాల్సింది అదే.

ఇది పిథియం లాంటి బూజుల వల్ల వస్తుంది. తడి ఎక్కువై గాలి ఆడకపోతే పాకుతుంది. జులైలో వరసగా నాలుగు రోజులు ముసురు పట్టినప్పుడు నాకు పదకొండు ట్రేలు పోయాయి. పోయినవాటిలో ఎక్కువ నాటు రకాలే. హైబ్రిడ్ విత్తనాలు చాలావరకు మందు పట్టించి గులాబీ రంగులో వస్తాయి, నాటు విత్తనం మామూలుగానే ఉంటుంది. నా కస్టమర్లలో సగం మంది నాటు వంకాయే కావాలంటారు కాబట్టి దాన్ని వదిలేసే దారి లేదు.

ఇప్పుడు మూడు పనులు చేస్తున్నాను. వర్మీకంపోస్ట్‌లో ట్రైకోడెర్మా అనే మేలు చేసే బూజు కలిపి వారం రోజులు నీడలో మగ్గబెట్టాకే వాడతాను. ట్రేలను నేల మీద పెట్టకుండా బల్లల మీద పెడతాను, కింద నుంచి గాలి ఆడుతుంది. నీళ్లు పొద్దున మాత్రమే, సాయంత్రం చుక్క కూడా పోయను. రాత్రంతా పైపొర పొడిగా ఉండటమే నిజమైన మందు. అయినా ఎక్కడైనా మొదలైతే ఆ గుంటలు తీసేసి, చుట్టూ కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు మూడు గ్రాములు కలిపి మొదళ్లు తడిసేలా పోస్తాను. ఆ ట్రేను రసాయనాలు వద్దనేవాళ్లకు ఇవ్వను, విషయం చెప్పి మిగతావాళ్లకు ఇస్తాను.

షేడ్‌నెట్ గురించి ఒక ముక్క. షాపువాడు 75 శాతం నీడ నెట్ అంటగట్టాడు, "ఎండలు చూశారా సార్" అన్నాడు. ఆ నెట్ కింద నారు పొడుగ్గా, పలచగా పెరిగి, కస్టమర్ మిద్దె మీద ఎండకు రెండో రోజే మాడిపోయేది. 50 శాతంది మార్చాను. అమ్మే ముందు నాలుగు రోజులు ట్రేలను బయట పూర్తి ఎండలో పెట్టి నీళ్లు కొంచెం తగ్గిస్తాను. కాండం ఊదారంగు పట్టి కాస్త గరుకుగా అవుతుంది. అలాంటి మొక్క కుండీలో నాటుకుంటే వాడకుండా నిలబడుతుంది.

టెన్షన్ మళ్లీ ఏ దారిన వచ్చిందంటే

మొదటి ఏడాది నష్టపోకుండా బయటపడ్డాను. రెండో ఏడాది వర్షాకాలంలో గిరాకీ పెరిగింది. నాలోని డెలివరీ మేనేజర్ మేలుకున్నాడు. వాట్సాప్ గ్రూప్ పెట్టాను, హోమ్ డెలివరీ అన్నాను, ట్రేలు ఇరవై నుంచి ముప్పై అయిదుకు పెంచాను.

గ్రూప్‌లో మూడు వందల మంది చేరారు. రాత్రి పదకొండుకు పసుపు పచ్చని ఆకు ఫొటో వచ్చేది, కింద "అర్జెంట్ సార్" అని. ఆ మాట చదవగానే పాత అలవాటుకు గుండె దడ మొదలయ్యేది. ఒక ఆఫీసు నుంచి వాళ్ల కార్యక్రమానికి రెండు వేల తులసి మొక్కలు కావాలన్నారు, తేదీ ఖాయం. తులసి విత్తనం ఆవగింజ కంటే చిన్నది, మొలక ఎప్పుడూ సమంగా రాదు. తేదీకి పన్నెండు వందలే చేతికొచ్చే సైజులో ఉన్నాయి. మిగతావి బయట నర్సరీల్లో కొనిచ్చి చేతి డబ్బు పోగొట్టుకున్నాను. ఆ వారం రోజులూ నిద్ర మాత్ర వేసుకున్నాను. ఉద్యోగం వదిలినప్పుడు డాక్టర్ మాన్పించిన మాత్రే అది.

పంద్రాగస్టు వెళ్లాక కూర్చుని, ముప్పై అయిదు ట్రేలు వేసిన ఐదు వారాల లెక్క తీశాను. ఇరవై ట్రేలంటే 1,960 గుంటలు. అందులో అమ్మదగ్గ మొక్కలు దాదాపు 1,650 వస్తాయి, అమ్ముడయ్యేవి సుమారు 1,300. మొక్క సగటున ఎనిమిది రూపాయలు. ముప్పై అయిదు ట్రేలు వేస్తే అమ్మదగ్గవి 2,900 వచ్చాయి గానీ అమ్ముడైంది 1,900 మాత్రమే. అంటే వారానికి అదనంగా 4,800 వచ్చింది. అందులో పెద్దమ్మ కాక పెట్టుకున్న ఇంకో మనిషికి 2,500, విత్తనాలు, పొట్టు, పెట్రోలు కలిపి 1,100 పోయాయి. మిగిలింది 1,200. దానికోసం ఆదివారం పదకొండుకు మూయాల్సిన గేటు ఒకటిన్నర దాకా తీసి ఉంచాను, వారానికి వెయ్యి మొక్కలు ఎరువు గుంటలో పోశాను.

నారు మరి నిల్వ ఉండే సరుకు కాదు. టమాట 25వ రోజు నుంచి దాదాపు పది రోజులే అమ్మదగ్గ వయసు. ఆ తర్వాత వేర్లు గుంట నిండా చుట్టుకుపోయి కింది ఆకులు పసుపు పడతాయి. ఇరవై ట్రేలు వేసే వారం కూడా 350 మిగులుతాయి. వాటిలో వంద దాకా చిన్న కవర్లలోకి మార్చి తర్వాతి వారాల్లో ముప్పై రూపాయలకు అమ్ముతాను. అంతకంటే ఎక్కువ మార్చడానికి జాగా లేదు, చేతులూ లేవు.

ఆ లెక్క చూశాక ఇరవై దగ్గర గీత గీశాను. గ్రూప్ మూసేశాను. ఇప్పుడు గురువారం సాయంత్రం ఒక్క మెసేజ్ మాత్రం వెళ్తుంది, ఈ వారం ఏయే నారు ఉంది, ఎన్ని రోజులది అని. దానికి ఎవరూ జవాబు పెట్టలేరు. ఆకు జబ్బుల ప్రశ్నలుంటే ఆ ఆకునే కవర్‌లో వేసుకుని ఆదివారం తీసుకురమ్మంటాను. ఫొటోలో కనబడని పేను ఆకు తిప్పి చూస్తే కనబడుతుంది, పైగా ఆదివారానికి సగం సమస్యలు వాటంతటవే పోతాయి. డెలివరీ, కొరియర్, తేదీ పెట్టి ఇచ్చే ఆర్డర్లు మూడూ మానేశాను. కస్టమర్లు పోతారని భయపడ్డాను. పదిమందో ఇరవైమందో పోయినట్టున్నారు. ఉన్నవాళ్లు మాత్రం వచ్చి, మొక్కలు వాళ్లే ఏరుకుని, పాత న్యూస్‌పేపర్‌లో చుట్టించుకుని పోతారు.

విత్తనాల ప్యాకెట్లు, పురుగుమందులు అమ్మమని అడిగేవాళ్లు ఎక్కువ. రెండింటికీ లైసెన్సులు కావాలి. నారుతో పోలిస్తే లాభం బాగుంటుందన్నా నేను ఆ జోలికి పోలేదు. నర్సరీ రిజిస్ట్రేషన్ విషయం మాత్రం మొదలుపెట్టే ముందే ఉద్యాన శాఖ ఆఫీసుకు వెళ్లి మాట్లాడుకోవడం మంచిది.

రెండో ఏడాది పద్దు

నారు అమ్మేది జూన్ నుంచి ఫిబ్రవరి దాకా, లెక్కకు 36 వారాలు. నారు మీద 3,74,000 వచ్చింది. కవర్లలో పెంచిన మొక్కలు, కలిపిన మట్టి సంచుల మీద 1,10,000. ఖర్చు మొత్తం 2,54,000. అందులో పెద్దవి అద్దె 96 వేలు, పెద్దమ్మకు 54 వేలు, విత్తనాలకు 45 వేలు. మిగతాది కంపోస్ట్, కవర్లు, కరెంటు, పాడైన ట్రేలు, నెట్ రిపేర్లు. మిగిలింది 2,30,000. నెలకు 19 వేలని మొదట్లో చెప్పింది ఇదే. తులసి నష్టం ఇందులో వేయలేదు, అది నా తెలివితక్కువతనం పద్దులోకి పోతుంది.

మొక్కల మీద జీఎస్టీ లేదు. మన నర్సరీలో మనం పెంచిన నారు మీద ఆదాయాన్ని ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం వ్యవసాయ ఆదాయంగానే చూస్తుంది. బయట కొని తెచ్చి అమ్మితే మాత్రం అది మామూలు వ్యాపారం, మట్టి సంచులూ అంతే. కాబట్టి రెండు పద్దులు వేరువేరుగా రాసుకోవాలి. వడ్డీలాంటి వేరే ఆదాయం ఉన్నవాళ్లు ఒకసారి ఆడిటర్‌కు చూపించుకోవాలి.

సగటు అన్న మాట కూడా మోసం చేస్తుంది. సెప్టెంబర్, అక్టోబర్‌లలో నెలకు 40 వేలు మిగిలింది, చలికాలపు కూరగాయలన్నీ అప్పుడే నాటుకుంటారు. మార్చిలో చిల్లర. ఏప్రిల్, మే నెలల్లో అద్దె చేతి నుంచే కట్టాను. ఆ రెండు నెలలూ నలభై దాటిన ఎండలో ఎవరూ మిద్దె ఎక్కరు, నేనూ విత్తను. ట్రేలు కడిగి ఎండబెట్టడం, నెట్ కుట్టుకోవడం, పిల్లాడితో చెస్ ఆడటం. మొదటి వేసవిలో ఆ ఖాళీ నన్ను చాలా కలవరపెట్టింది. పొద్దున లేచి లాప్‌టాప్ తెరిచి ఉద్యోగాలు చూసిన రోజులున్నాయి.

ఇంట్లో ఒక్కరి సంపాదనే ఉంటే ఈ పని చేయొద్దనే చెబుతాను. ఇంటి లోన్ నడుస్తుంటే కూడా వద్దు. మా ఇల్లు గడిచేది మా ఆవిడ జీతం, నా 19 వేలు కలిస్తేనే. పిల్లాడి ఫీజు డిపాజిట్ వడ్డీలోంచి పోతోంది. నడుము నొప్పి ఉన్నవాళ్లు కూడా ఆలోచించుకోవాలి, తడిసిన పొట్టు సంచి బరువుంటుంది.

ఇంకో సంగతి, ఇది మా ఏరియాలో అందరికీ తెలిసిందే. సైనిక్‌పురిలో పాత ఇళ్లు ఒక్కొక్కటే డెవలప్‌మెంట్‌కు పోతున్నాయి. మా పక్క వీధిలో ఈ ఏడాదే మామిడి చెట్లున్న ఇల్లొకటి కూల్చి గుంట తవ్వారు. మా అగ్రిమెంట్ పదకొండు నెలలది. ఆంటీ ఉన్నంతకాలం మాటకు ఢోకా లేదు, కానీ ఆవిడ పిల్లలు బయట దేశంలో ఉన్నారు, పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు జాగా కొలిపించుకుని వెళ్లారు. షెడ్డుకు నేను ఎక్కడా వెల్డింగ్ చేయించలేదు, మొత్తం బోల్టులే. పెద్దమ్మ, నేను, ఒక ట్రాలీ ఆటో ఉంటే రెండు రోజుల్లో విప్పేసి ఇంకోచోట నిలబెట్టుకోవచ్చు. నాగారం వైపు ఒక జాగా చూసి పెట్టాను, బోరు నీళ్ల రీడింగ్ మాత్రం ఇంకా తీసుకోలేదు.